చిన్న ప్రాజెక్టు ఆర్‌ఎఫ్‌పీ: బిడ్లకు మార్కులు వేసే పద్ధతుల్లో ఏది మీకు సరిపోతుంది?

ఒక చిన్న గ్రంథాలయం ఉందనుకుందాం. పుస్తకాల వివరాలన్నీ 12,000 కాగితపు కార్డుల మీద ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, సభ్యులు వెతుక్కునేలా ఒక కేటలాగ్ తయారు చేయించాలి. పని వివరాలు రాసి, ఎలా చేస్తారో ఎంతకు చేస్తారో చెప్పమని సంస్థలను అడిగే పత్రమే ఆర్‌ఎఫ్‌పీ. అది పంపితే మూడు సంస్థలు బిడ్ వేశాయి. వాటిని క, గ, చ అని పిలుద్దాం. క చౌక, పని ఓ మోస్తరు. చ ఖరీదు, పని బ్రహ్మాండం. గ మధ్యలో ఉంది.

ఈ ముగ్గురిలో ఎవరు గెలవాలి? ముగ్గురిలో ఎవరైనా గెలవచ్చు. బిడ్లలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, మార్కులు కలిపే పద్ధతి కొంచెం అటూ ఇటూ జరిపితే చాలు. కింద లెక్క వేసి చూపిస్తాను. అందుకే చిన్న ప్రాజెక్టుల వాళ్లు ఎప్పుడు అడిగినా నేను ముందు ఆ పద్ధతి గురించే మాట్లాడతాను. పత్రంలో మిగతా భాగాలకు నమూనాలు దొరుకుతాయి. ఇది మాత్రం మీరే తేల్చుకోవాలి, అదీ బిడ్లు రాకముందే.

## పద్ధతి ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, నాణ్యతలో తేడా వస్తే మీకు ఎంత నష్టం? అదే సైజు కాగితం రీములు కొంటుంటే తేడా పెద్దగా ఉండదు. కార్డుల సమాచారం ఎక్కించే పనిలో మాత్రం ఉంటుంది. తప్పుగా టైప్ చేసిన పుస్తకం పేరు ఎవరికీ దొరకదు, అంటే ఆ పుస్తకం అల్మారాలో ఉండి కూడా లేనట్టే.

రెండోది, ఏం కావాలో మీరు ఎంత కచ్చితంగా రాయగలరు? అన్నీ కొలిచి రాయగలిగితే ధర మీదే ఎంపిక వదిలేయవచ్చు. "మీరైతే ఎలా చేస్తారో చెప్పండి" అని అడగాల్సిన భాగం ఎక్కువగా ఉంటే వదిలేయలేరు.

మూడోది బడ్జెట్. అది గట్టి గోడా, అవసరమైతే కాస్త జరిగే తెరా? నాలుగోది మార్కులు వేసేవాళ్లు. వాళ్లు ఎంతమంది, ఆ పని వాళ్లకు ఎంత తెలుసు? ఈ నాలుగో ప్రశ్నను చాలామంది మర్చిపోతారు. ఇద్దరే ఉండి, ఇద్దరికీ సాఫ్ట్‌వేర్ కొత్తయితే, నాణ్యతకు 80 శాతం వెయిటేజ్ ఇవ్వడమంటే తెలియనిదాని మీద పందెం కాయడమే.

## అవసరాలు: గేటు వేరు, మార్కులు వేరు

ఏ పద్ధతి ఎంచుకున్నా అవసరాలను రెండు కుప్పలుగా విడదీయాలి. ఒక కుప్ప గేటు లాంటిది, ఉంటే లోపలికి, లేకపోతే బయటికి. దీనికి మార్కులు ఉండవు. రెండో కుప్పకు ఎంత బాగుంటే అన్ని మార్కులు.

గ్రంథాలయం గేటులో పెట్టాల్సినవి నాలుగైదు మించవు. సమాచారం మొత్తాన్ని మామూలు CSV ఫైల్‌గా ఎప్పుడైనా బయటికి తీసుకునే వీలుండాలి. ఎక్కించిన కార్డుల్లోంచి ఏవో 500 తీసి చూస్తే, తప్పున్నవి 5 మించకూడదు. పుస్తకం పేరులో ఒక పదం కొడితే 3 సెకన్లలో ఫలితాలు రావాలి. పని మొత్తం 16 వారాల్లో అయిపోవాలి. ధరలో 3 ఏళ్ల నిర్వహణ కూడా కలిపి చెప్పాలి. ఈ చివరిది లేకపోతే, మొదటి ఏడాది తక్కువ చెప్పి రెండో ఏడాది నుంచి వడ్డించేవాళ్లతో మిగతావాళ్ల ధర పోల్చడం కుదరదు.

"వాడటానికి సులభంగా ఉండాలి" లాంటి వాక్యం గేటులో పెట్టకండి. అందరూ "ఉంటుంది" అని రాస్తారు, మీరు ఎవర్నీ ఆపలేరు. గేటును మరీ ఇరుకు చేయడమూ ప్రమాదమే. "ఇలాంటి గ్రంథాలయాలు పది చేసిన అనుభవం" అని రాస్తే, చిన్న ప్రాజెక్టుకు ఒక్క బిడ్డే వచ్చి కూర్చుంటుంది.

మార్కుల కుప్పలో నాలుగు అంశాలు పెట్టుకుందాం: పని పద్ధతికి, తప్పుల తనిఖీకి కలిపి 40, బృందం అనుభవానికి 25, సాఫ్ట్‌వేర్ అవసరాలకు తగ్గట్టు ఉండటానికి 25, శిక్షణకు 10. ఒక్కో అంశానికి 0 నుంచి 5 స్కోరు వేసి, దాన్ని ఆ వెయిటేజ్‌లోకి మార్చాలి. 40 మార్కుల అంశంలో 5కి 3 వస్తే 24 మార్కులన్నమాట.

| అంశం | క | గ | చ |
|---|---|---|---|
| పని పద్ధతి, తనిఖీ (40) | 3 → 24 | 4 → 32 | 5 → 40 |
| బృందం (25) | 3 → 15 | 4 → 20 | 5 → 25 |
| సాఫ్ట్‌వేర్ (25) | 4 → 20 | 4 → 20 | 4 → 20 |
| శిక్షణ (10) | 3 → 6 | 4 → 8 | 4 → 8 |
| టెక్నికల్ మార్కులు | 65 | 80 | 93 |
| మొత్తం ధర (యూనిట్లలో) | 40 | 52 | 80 |

ఇక ఈ టేబుల్‌నే మూడు పద్ధతుల్లో చూద్దాం.

## మొదటి దారి: కనీస మార్కులు దాటినవాళ్లలో తక్కువ ధర

టెక్నికల్‌లో ఒక కనీస గీత పెడతారు. దాన్ని దాటినవాళ్ల ధరల కవర్లు మాత్రమే తెరుస్తారు, తక్కువ ధర చెప్పినవాళ్లకు పని ఇస్తారు. గీత దాటాక 65 అయినా 93 అయినా ఒకటే. లెక్క సులువు, గొడవలు తక్కువ, ఓడినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు.

ఇందులో బరువంతా ఆ గీత మీదే పడుతుంది. గీత 60 దగ్గర పెడితే క గెలుస్తుంది. 70 దగ్గర పెడితే క బయటికి పోయి గ గెలుస్తుంది. చాలా పత్రాల్లో 60 అనో 70 అనో గుండ్రటి అంకె చూసి రాసేస్తారు, దాని వెనక ఆలోచన కనిపించదు. గీత పెట్టేముందు ఒక ఊహా బిడ్ రాసుకోండి: "ఇంతకన్నా తగ్గితే వద్దు" అనిపించే బిడ్. మీ అంశాల మీద దానికి మీరే మార్కులు వేయండి, ఆ వచ్చిన అంకే మీ గీత. మన ఉదాహరణలో అన్నింట్లో 3 వస్తే 60 అవుతుంది. తనిఖీలో మాత్రం 4 ఉండాల్సిందే అనుకుంటే 68 అవుతుంది. 65 మార్కుల క అప్పుడే బయటికి పోతుంది.

అవసరాలు అంకెల్లో రాయగలిగేవాళ్లకు, మార్కులు వేసే అనుభవం లేనివాళ్లకు ఇదే మంచి దారి.

## రెండో దారి: బడ్జెట్ ముందే చెప్పి, నాణ్యత మీద పోటీ

"మా దగ్గర 55 యూనిట్లు ఉన్నాయి, అందులో మీరు ఏం చేయగలరో చెప్పండి" అని రాస్తారు. ధర మించితే బయటికి. మిగిలినవాళ్లలో టెక్నికల్ మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లకు పని. పైన వచ్చిన బిడ్లనే ఈ కొలతతో చూస్తే గ గెలుస్తుంది. అయితే బడ్జెట్ ముందే తెలిసి ఉంటే బిడ్లు ఇలాగే వచ్చేవి కావు. చ పని కొంత తగ్గించి 55కు దిగి వచ్చేది. క ధర పెంచి మెరుగైన బృందాన్ని చూపేది. ఈ దారి ఉద్దేశమే అది.

నష్టం కూడా అక్కడే ఉంది. అందరి ధరలూ బడ్జెట్ అంచుకు వచ్చి ఆగుతాయి, 40కి అయ్యే పనికి కూడా 54 అంటారు. బడ్జెట్ అంచనా తప్పితే ఇంకా ఇబ్బంది. మరీ తక్కువ రాస్తే మంచివాళ్లు అసలు రారు, వచ్చినవాళ్లు తనిఖీలో కోత పెడతారు. కాబట్టి ఈ దారి విరాళంగానో గ్రాంటుగానో కట్టేసినట్టు డబ్బు వచ్చినవాళ్లకు, పని పరిమాణం కొంచెం తగ్గినా ఫర్వాలేదనుకునేవాళ్లకు సరిపోతుంది.

## మూడో దారి: నాణ్యతకు ఇంత, ధరకు ఇంత అని కలపడం

అందరూ ఇష్టపడేది ఇదే, ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే. కన్సల్టెంట్ల ఎంపికలో ప్రపంచ బ్యాంకు వాడకంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. నాణ్యత మార్కులకు ఒక వెయిటేజ్, ధర మార్కులకు ఒక వెయిటేజ్ ఇచ్చి కూడతారు. ధరను మార్కులుగా మార్చడానికి మామూలుగా వాడే సూత్రం ఇది:

```
ధర మార్కులు = 100 × అతి తక్కువ ధర ÷ ఈ బిడ్ ధర
```

దీని ప్రకారం క కు 100, గ కు 76.9, చ కు 50 వస్తాయి. ఇప్పుడు నాణ్యత, ధరల నిష్పత్తిని మార్చి చూడండి.

| నాణ్యత : ధర | క | గ | చ | గెలిచేది |
|---|---|---|---|---|
| 70 : 30 | 75.5 | 79.1 | 80.1 | చ |
| 65 : 35 | 77.3 | 78.9 | 78.0 | గ |
| 60 : 40 | 79.0 | 78.8 | 75.8 | క |

అయిదేసి శాతం జరిపితే ముగ్గురూ వరసగా గెలిచేశారు. నేను ఒకసారి మార్కుల కమిటీలో కూర్చున్నప్పుడు పత్రంలో "వెయిటేజ్ కమిటీ నిర్ణయిస్తుంది" అని మాత్రమే ఉంది. ధరల కవర్లు తెరిచాక కూర్చుని నిర్ణయించబోయాం. అప్పటికే ఎవరి మనసులో ఎవరున్నారో అందరికీ తెలుసు. ఒకాయన 70:30 అంటే ఇంకొకాయన 60:40 అన్నాడు. ఇద్దరూ మాట్లాడింది నిష్పత్తి గురించి కాదని గదిలో ఉన్నవాళ్లందరికీ అర్థమైంది. రెండు వారాల టెన్షన్ తర్వాత ఆర్‌ఎఫ్‌పీ రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. నిష్పత్తి పత్రంలోనే ఉండాలి, టెక్నికల్, ధరల కవర్లు విడివిడిగా ఉండాలి, టెక్నికల్ మార్కుల మీద సంతకాలు పడ్డాకే ధరలు తెరవాలి.

సరే, ముందే రాయాలంటే ఏ నిష్పత్తి రాయాలి? ఒక్క అదనపు టెక్నికల్ మార్కుకు ఎంత పెట్టడానికి సిద్ధమో అడిగి చూసుకోండి. మన లెక్కలో క నుంచి గ కు వెళితే 15 మార్కులు పెరుగుతాయి, 12 యూనిట్లు ఎక్కువ అవుతాయి. మార్కుకు 0.8 యూనిట్. గ నుంచి చ కు వెళితే 13 మార్కులకు 28 యూనిట్లు, అంటే మార్కుకు 2 యూనిట్ల పైనే. 70:30 రాయడమంటే ఈ రెండో బేరానికి కూడా సరే అన్నట్టు. మీ సంస్థలో డబ్బు చూసే మనిషి దానికి ఒప్పుకుంటారా? బిడ్లు రాకముందు ఇలాంటి ఊహా ధరలు మూడు రాసుకుని లెక్క వేసి చూస్తే, ఏ నిష్పత్తి మీ మనసులో మాట చెబుతోందో తెలిసిపోతుంది. నా వరకు, కార్డుల పని లాంటి చిన్న ప్రాజెక్టుకు నాణ్యత 65 దాటించడానికి చాలా గట్టి కారణం కావాలి.

### సూత్రం మారితే కూడా ఫలితం మారుతుంది

నిష్పత్తి రాసి ఊరుకుంటే చాలదు. ధరను మార్కులుగా మార్చే ఇంకో సూత్రం కూడా వాడుకలో ఉంది. అందులో అతి తక్కువ ధరకు 100, అతి ఎక్కువ ధరకు 0, మధ్యవాటికి దూరాన్ని బట్టి. ఇలా చేస్తే గ కు 70, చ కు 0 వస్తాయి. 70:30 నిష్పత్తిలోనే క 75.5, గ 77.0, చ 65.1 అవుతాయి. ఇందాక చ గెలిచింది, ఇప్పుడు గ గెలిచింది.

ఈ రెండో సూత్రంలో ఇంకో వింత ఉంది. నాలుగో సంస్థ ఒకటి 200 యూనిట్ల ధరతో వచ్చి, టెక్నికల్ గీత దాటిందనుకోండి. అది గెలవదు. అయినా అతి ఎక్కువ ధర 80 నుంచి 200కు మారింది కాబట్టి గ కు 92.5, చ కు 75 ధర మార్కులు వస్తాయి. మొత్తం గ 83.8, చ 87.6. గెలవని మనిషి వచ్చి నిలబడ్డందుకే పని గ చేతిలోంచి చ చేతికి పోయింది. ఎవరైనా కావాలని స్నేహితుడి చేత ఒక భారీ బిడ్ వేయించినా ఇదే జరుగుతుంది.

మొదటి సూత్రం కూడా పూర్తిగా క్షేమం కాదు. అది అతి తక్కువ ధరకు ముడిపడి ఉంటుంది. టెక్నికల్ గీత దాటని సంస్థ ధర 30 అనుకోండి. లెక్క వేసే మనిషి పొరపాటున దాన్నే అతి తక్కువ ధరగా తీసుకుంటే, 65:35 లో గ మొత్తం 72.2కు, చ మొత్తం 73.6కు దిగుతాయి. మళ్లీ చ గెలుస్తుంది. గీత దాటనివాళ్ల ధరల కవర్ తెరవకుండానే తిరిగి ఇచ్చేయాలనే నియమం ఇందుకే.

చిన్న ప్రాజెక్టుకు నాకు నచ్చిన మందు, ధరను ఇతరుల ధరలతో కాకుండా ముందే ప్రకటించిన అంకెలతో కొలవడం. "40 లేదా అంతకన్నా తక్కువైతే 100 మార్కులు, 80 అయితే 0, మధ్యలో దామాషాగా, 80 దాటితే బిడ్ చెల్లదు" అని పత్రంలోనే రాసేయడం. అప్పుడు 200 బిడ్ వచ్చినా ఎవరి మార్కూ కదలదు. బిడ్డర్ కూడా తన ధర మార్కులు తానే ఇంట్లో లెక్కేసుకోవచ్చు. ఇబ్బంది ఒకటుంది, ఆ రెండు అంకెలు పెట్టడానికి మీకు మార్కెట్ ధర మీద అంచనా ఉండాలి. లేకపోతే మొదటి సూత్రంతోనే సరిపెట్టుకోండి.

## ఎవరికి ఏది

| మీ పరిస్థితి | సరిపోయే దారి | జాగ్రత్త |
|---|---|---|
| అవసరాలన్నీ కొలిచి రాయగలరు, కమిటీ చిన్నది | కనీస గీత, తక్కువ ధర | గీత ఎక్కడ పెట్టారన్నదే అసలు నిర్ణయం |
| డబ్బు కట్టుదిట్టం, పని పరిమాణం తగ్గించవచ్చు | ముందే చెప్పిన బడ్జెట్ | ధరలు అంచుకు చేరతాయి |
| నాణ్యతలో తేడా ఖరీదైనది, మార్కెట్ ధర తెలుసు | నిష్పత్తి, ప్రకటించిన ధర అంకెలు | నిష్పత్తిని ఊహా ధరలతో ముందే పరీక్షించాలి |
| నాణ్యత ముఖ్యం, మార్కెట్ ధర తెలియదు | నిష్పత్తి, తక్కువ ధర సూత్రం | గీత దాటనివాళ్ల ధర లెక్కలోకి రాకూడదు |

## మార్కులు వేసే రోజు

పద్ధతి ఎంత బాగున్నా, 3 కు 4 కు తేడా ఏమిటో రాసి ఉండకపోతే లెక్కంతా గాలిలో ఉంటుంది. తనిఖీ అంశానికి ఇలా రాసుకోవచ్చు: తనిఖీ చేస్తామని మాట మాత్రమే ఉంటే 2. ఎన్ని కార్డులు, ఎప్పుడు చూస్తారో అంకెలతో ఉంటే 3. ఎక్కించిన మనిషి కాకుండా వేరే మనిషి చూస్తాడని ఉంటే 4. దాంతోపాటు దొరికిన తప్పుల జాబితా వారానికోసారి మీకు పంపుతామంటే 5.

ఇంత పట్టుదల ఎందుకంటే, మన ఉదాహరణలో ముగ్గురు సభ్యులు మార్కులు వేస్తున్నారనుకోండి. 40 మార్కుల అంశంలో ఒక్కరు చ కు 5 బదులు 4 వేస్తే సగటున 2.7 టెక్నికల్ మార్కులు తగ్గుతాయి. 70:30 లో అది 1.9 పాయింట్లు. చ గెలిచిన తేడా 1 పాయింటే. ఒక మనిషి పెన్ను ఒక్క గడి జరిగితే పని ఇంకొకరికి పోతుంది.

అందుకే ముగ్గురూ ముందు ఎవరికి వారు విడిగా, పక్కవాళ్ల కాగితం చూడకుండా వేయాలి. ఆ తర్వాత కూర్చుని, రెండు లేదా అంతకన్నా ఎక్కువ స్కోరు తేడా ఉన్న అంశాల మీద మాత్రమే మాట్లాడుకోవాలి. తరచూ ఒకరు బిడ్‌లో 7వ పేజీ చూడలేదని తేలుతుంది. మార్చుకుంటే, ఎందుకు మార్చారో ఒక వాక్యం పక్కన రాసి సంతకం పెట్టాలి. ఒకటి తేడా ఉంటే సగటు తీసుకుంటే సరిపోతుంది. బిడ్‌లో అర్థం కానిది ఉంటే రాతపూర్వకంగా అడగవచ్చు, కానీ ఆ జవాబుతో బిడ్డర్ కొత్తగా ఏదీ చేర్చకూడదు.

మీ అంచనాకు చాలా దూరంగా తక్కువ ధర వస్తే దాన్ని వెంటనే కొట్టేయకండి, వెంటనే సంబరపడకండి. ఆ ధరలో ఎంతమంది, ఎన్ని గంటలు అని లిఖితంగా అడగండి. 12,000 కార్డులకు ఒక్కో కార్డు 4 నిమిషాలు అనుకున్నా 800 గంటల పని. వాళ్ల జవాబులో 300 గంటలే కనిపిస్తే తనిఖీ ఎక్కడ మాయమైందో తెలిసిపోతుంది.

సమానమైతే ఏం చేయాలో కూడా ఒక వాక్యం పత్రంలో ఉండాలి. మొత్తం మార్కుల్లో తేడా 1 పాయింట్ లోపు ఉంటే, తనిఖీ అంశంలో ఎక్కువ వచ్చినవాళ్లకు పని అని రాసుకోవచ్చు. ఈ వాక్యం పెడితే మన 65:35 లెక్కలో గ చేతిలోంచి పని చ కు వెళ్తుంది, ఎందుకంటే ఇద్దరి మధ్య తేడా 0.97 మాత్రమే. అది మీకు ఇష్టమేనా కాదా అన్నది కవర్లు తెరవకముందే తేల్చుకోండి.